ఎఫ్‌వీసీ తగ్గింది, ఊపిరితిత్తి తగ్గలేదు: ఒక పలకల కార్మికుడి స్పైరోమెట్రీ

మార్కాపురం పలకల పనిలో సుమారు ముప్పై ఏళ్లు గడిపిన 52 ఏళ్ల వ్యక్తి ఆయాసంతో ఒంగోలులోని మా క్లినిక్‌కు వచ్చారు. వెంట భార్య ఉన్నారు. అప్పటికే మరోచోట చూపించుకుని, రెండు నెలలుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారు. ఆ మాత్రలు ఎందుకిచ్చారో అడిగితే, "రాతి ధూళి పేరుకుని ఊపిరితిత్తులు ముడుచుకుపోయాయని చెప్పారు సార్. పరీక్షలో కూడా అదే వచ్చిందన్నారు" అని ఒక కాగితం ఇచ్చారు. అది స్పైరోమెట్రీ రిపోర్టు, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షది. దాని అడుగున యంత్రం తనంతట తానే అచ్చువేసిన తీర్పు ఉంది: మోస్తరు స్థాయి రిస్ట్రిక్షన్, అంటే ఊపిరితిత్తులు కుంచించుకుపోవడం.

ఆ తీర్పు తప్పు. అయితే ఆ తప్పు ఆ కాగితం మీదే కనిపిస్తోంది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. మన ప్రాంతంలో పలకల గనుల్లో, రాతి పరిశ్రమల్లో పనిచేసే మనిషికి ఆయాసం వస్తే, ఎక్స్‌రేలో చుక్కలు కనిపిస్తే, స్పైరోమెట్రీలో ఊదిన మొత్తం గాలి, అంటే ఎఫ్‌వీసీ, తగ్గితే, ఆ మూడూ కలిసి మన మనసును ఒకే వైపు నెట్టేస్తాయి. దుమ్ము వల్ల ఊపిరితిత్తి గట్టిపడి, కుంచించుకుపోయిందనే నిర్ణయానికి వచ్చేస్తాం. ఊపిరితిత్తి నిజంగా కుంచించుకుపోయిందా లేదా అని తేల్చే అంకె మాత్రం స్పైరోమెట్రీ రిపోర్టులో అసలు ఉండదు.

మనిషి చెప్పినవి, చూసినవి

ఆయాసం నాలుగేళ్లుగా ఉంది. మొదట్లో మెట్లెక్కితేనే వచ్చేది. ఇప్పుడు ఇంటి నుంచి బస్టాండు దాకా నడవాలన్నా మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వస్తోంది. పొద్దున్నే దగ్గు, కొద్దిగా తెల్లటి కఫం ఉంటాయి. చలికాలంలో పిల్లికూతలు వినిపిస్తాయని ఆయన భార్య చెప్పారు. పాతికేళ్లుగా రోజుకు ఒక కట్ట బీడీలు కాలుస్తున్నారు. పనిలో ఆయన బాధ్యత రాతిని పలచని పొరలుగా చీల్చడం, అంచులు కోసి నున్నగా చేయడం. కోత యంత్రం దగ్గర తెల్లటి ధూళి ముఖాన కమ్ముకుంటుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం తప్ప వేరే రక్షణ వాడలేదు. పలక రాయిలో స్ఫటిక రూపంలోని సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే సిలికోసిస్‌ను కలిగిస్తుంది. దానితో పాటు, సిలికోసిస్ రాకపోయినా సరే, దీర్ఘకాలం పీలిస్తే శ్వాసనాళాలను దెబ్బతీసి, అవి శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీకి కారణమవుతుంది. ఈ రెండో సంగతి తరచూ మరుగున పడుతుంది.

ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 51 కిలోలు. గదిలో కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94 శాతం. ఛాతీ ముందు నుంచి వెనక్కి వెడల్పుగా, ఉబ్బినట్టు ఉంది. ఊపిరి వదలడానికి చాలా సమయం పడుతోంది. స్టెతస్కోపుతో వింటే శ్వాస శబ్దం అంతటా మందంగా ఉంది, అక్కడక్కడా పిల్లికూతలు ఉన్నాయి. ఊపిరితిత్తుల అడుగుభాగంలో వెల్‌క్రో పట్టీ విప్పినట్టు వినిపించే చిటపట శబ్దాలు లేవు. గోళ్లు ఉబ్బలేదు.

ఆయన తెచ్చిన ఎక్స్‌రేలో పైభాగాల్లో చిన్న చిన్న చుక్కలున్న మాట నిజమే. కానీ దాన్నే మరోసారి చూస్తే, డయాఫ్రం రెండు వైపులా చదునుగా కిందికి దిగి ఉంది. గుండె నీడ సన్నగా ఉంది. ఊపిరితిత్తులు ముడుచుకుపోతే డయాఫ్రం పైకి రావాలి, కిందికి దిగకూడదు. రిపోర్టు ఒక దిక్కు చూపుతుంటే, ఛాతీ మరో దిక్కు చూపుతోంది.

మొదటి రిపోర్టు

గుండెల నిండా గాలి పీల్చుకుని, బలంగా, చివరంటా ఊదితే బయటికి వచ్చే మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చిన గాలి ఎఫ్‌ఈవీ1. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీదే మొదటి విభజన ఆధారపడి ఉంటుంది. శ్వాసనాళాలు ఇరుకైతే గాలి నెమ్మదిగా వస్తుంది, మొదటి సెకను వాటా తగ్గుతుంది, నిష్పత్తి పడిపోతుంది. దాన్ని అబ్‌స్ట్రక్టివ్ తరహా అంటాం. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోలేకపోతే మొత్తం గాలే తక్కువ. ఉన్నది మాత్రం చకచకా వచ్చేస్తుంది కాబట్టి నిష్పత్తి మామూలుగానో, ఇంకా ఎక్కువగానో ఉంటుంది. దాన్ని రిస్ట్రిక్టివ్ తరహా అంటాం.

ఆయన రిపోర్టులో ఎఫ్‌వీసీ 1.90 లీటర్లు. ఆయన వయసుకు, ఎత్తుకు ఉండాల్సింది 3.40 లీటర్లని యంత్రం లెక్కగట్టింది, అంటే 56 శాతమే ఉంది. ఎఫ్‌ఈవీ1 1.42 లీటర్లు, ఉండాల్సిన 2.70లో 53 శాతం. నిష్పత్తి 75 శాతం. నిష్పత్తి బాగుంది, ఎఫ్‌వీసీ తగ్గింది, కనుక రిస్ట్రిక్షన్ అని యంత్రం తేల్చేసింది. అంకెలు మాత్రమే చూస్తే ఎవరైనా అదే అంటారు.

అంకెల పక్కనే రెండు గ్రాఫులున్నాయి. వాటిని చూడనిదే అంకెలను నమ్మకూడదు. ఒకటి, కాలం గడిచేకొద్దీ ఎంత గాలి వచ్చిందో చూపే గీత. పూర్తిగా ఊదిన మనిషికి అది మొదట నిటారుగా లేచి, తర్వాత వంగి, చివరకు నేలకు సమాంతరంగా సాగుతుంది. ఇక వచ్చే గాలి లేదని చెప్పేది ఆ చదును భాగమే. ఈయన గీత ఇంకా పైకి ఎక్కుతుండగానే, రెండు సెకన్లు దాటిన వెంటనే తెగిపోయింది. రెండోది, గాలి వేగాన్ని దాని పరిమాణంతో పోల్చి చూపే వంపు. అది శిఖరం నుంచి దిగుతూ మెల్లగా సున్నాను చేరాలి. ఈయన వంపు లోపలికి గుంట పడినట్టు దిగి, ఇంకా గాలి వస్తుండగానే కొండ అంచు నుంచి పడ్డట్టు నిట్టనిలువుగా సున్నాకు పడిపోయింది.

అంటే ఆయన ఊదడం మధ్యలోనే ఆపేశారు. ఆయన బద్ధకం కాదు అది. శ్వాసనాళాలు ఇరుకైన మనిషికి రెండు సెకన్ల తర్వాత వచ్చే గాలి సన్నని ధార. ఇక ఏమీ రావడం లేదని అనిపిస్తుంది, ఛాతీ పట్టేస్తుంది, దగ్గు వస్తుంది. పక్కన నిలబడి ఊదించేవారు వదిలేస్తే ఎవరైనా ఆపేస్తారు. కానీ దాని ఫలితం చూడండి. ఎఫ్‌ఈవీ1 మొదటి సెకనులోనే వచ్చేసింది కాబట్టి దానికి ఏ నష్టమూ లేదు. నష్టమంతా ఎఫ్‌వీసీకే. నిష్పత్తిలో కింద ఉండాల్సిన పెద్ద అంకె చిన్నదైపోయింది, నిష్పత్తి పెరిగిపోయింది. అబ్‌స్ట్రక్షన్ ఉన్న మనిషి కాగితం మీద రిస్ట్రిక్షన్ ఉన్న మనిషిగా మారిపోయాడు.

మళ్లీ ఊదించడం

మా పరీక్షల గదిలో ఉదయం మొదటి పని, మూడు లీటర్ల సిరంజితో యంత్రంలోకి గాలి నెట్టి, అది మూడు లీటర్లనే చూపుతోందో లేదో సరిచూడటం. ఆయన్ను కాళ్లు నేలకు ఆనేలా నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్ పెట్టి, గొట్టం చుట్టూ పెదవులు గట్టిగా బిగించమన్నాం. పరీక్ష చేసే అమ్మాయి ముందు తాను చేసి చూపించింది. ఇది ముఖ్యం. ఎన్ని మాటలు చెప్పినా, బుగ్గలు ఉబ్బించి ఊదడం కాదు, పొట్ట లోపల నుంచి నెట్టడం అని అర్థమయ్యేది ఎదుటి మనిషి చేయగా చూసినప్పుడే. తర్వాత, "నిండా పీల్చండి, ఇంకా, ఇంకా... ఇప్పుడు కొట్టినట్టు ఊదండి! ఊదండి, ఊదండి, ఆపకండి, గాలి వస్తూనే ఉంది, ఇంకా ఊదండి" అని చివరి దాకా గొంతు తగ్గించకుండా చెబుతూనే ఉంది. మొదటి రెండు ప్రయత్నాలు దగ్గుతో చెడిపోయాయి, వాటిని పక్కన పెట్టాం. ఆ తర్వాత వచ్చిన మూడు బాగున్నాయి.

2019లో అమెరికా, ఐరోపా శ్వాస వైద్య సంఘాలు కలిసి సవరించిన ప్రమాణం ప్రకారం, ఊదడం పూర్తయిందనడానికి చివరి సెకనులో వచ్చిన గాలి 25 మిల్లీలీటర్లకు మించకూడదు, లేదా మనిషి 15 సెకన్లపాటు ఊది ఉండాలి. ప్రయత్నాల్లో పెద్దవైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఈయన 11 సెకన్లు ఊదారు, గీత చదునైంది, ప్రయత్నాలు ఒకదానితో ఒకటి సరిపోయాయి.

ఈసారి ఎఫ్‌ఈవీ1 1.40 లీటర్లు. మొదటి రిపోర్టుకు దీనికి తేడా దాదాపు లేదు. ఎఫ్‌వీసీ మాత్రం 1.90 నుంచి 2.48 లీటర్లకు పెరిగింది. నిష్పత్తి 75 శాతం నుంచి 56 శాతానికి పడిపోయింది. మనిషి అదే, ఊపిరితిత్తులు అవే, మొదటి సెకను గాలి కూడా అంతే. అదనంగా ఊదిన ఆ తొమ్మిది సెకన్లే జబ్బు పేరును మార్చేశాయి.

నాలుగు వందల మైక్రోగ్రాముల సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట తర్వాత మళ్లీ ఊదిస్తే ఎఫ్‌ఈవీ1 1.48, ఎఫ్‌వీసీ 2.60, నిష్పత్తి 57 శాతం. మందుకు స్పందన ఉందనాలంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి, ఆ మనిషికి ఉండాల్సిన విలువలో పది శాతానికి మించి పెరగాలి. ఈయనకు ఎఫ్‌ఈవీ1 270 మిల్లీలీటర్లకు మించి పెరగాలి, పెరిగింది 80. అంటే మందుకు తేలిగ్గా విచ్చుకునే ఉబ్బసం తరహా ఇరుకు కాదు.

మిగిలిన ప్రశ్న

నిష్పత్తి తక్కువ కాబట్టి అబ్‌స్ట్రక్షన్ ఖాయం. అయితే ఎఫ్‌వీసీ 2.48 లీటర్లంటే ఉండాల్సిన దానిలో 73 శాతమే. ఇంకా తక్కువే. దీన్ని చూసి చాలామంది మిశ్రమ తరహా అని రాసేస్తారు, అంటే అబ్‌స్ట్రక్షన్‌తో పాటు రిస్ట్రిక్షన్ కూడా ఉందని. సిలికా ధూళి పీల్చిన మనిషి, ఎక్స్‌రేలో చుక్కలు, పైగా స్టెరాయిడ్ మాత్రల మీద ఉన్నారు. మిశ్రమం అనుకుంటే ఆ మాత్రలు కొనసాగే ప్రమాదం ఉంది. ఇక్కడ ఊహతో పని జరగదు.

స్పైరోమీటరు కొలవగలిగేది నోటి ద్వారా లోపలికి, బయటికి కదిలే గాలిని మాత్రమే. ఎంత బలంగా ఊదినా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలే ఉంటుంది. దాన్నే రెసిడ్యువల్ వాల్యూమ్, ఆర్‌వీ అంటారు. తొట్టికి అడుగు నుంచి కాస్త ఎత్తులో కొళాయి బిగిస్తే, కొళాయికి దిగువన ఉన్న నీళ్లు ఎన్నటికీ బయటికి రావు. బకెట్లతో పట్టి కొలిచేది కొళాయిలోంచి వచ్చిన నీటినే. వచ్చిన నీళ్లు తగ్గాయంటే తొట్టి చిన్నదై ఉండవచ్చు, లేదా తొట్టి అంతే ఉండి కొళాయి పైకి జరిగి ఉండవచ్చు. బకెట్లు చూసి ఏది నిజమో చెప్పలేం. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ తన స్పైరోమీటరుతో వేల మంది ఊపిరిని కొలిచి, దానికి వైటల్ కెపాసిటీ అని పేరు పెట్టిన నాటి నుంచి ఈ పరికరానికి ఈ పరిమితి ఉంది. ఇవాళ్టి డిజిటల్ యంత్రానికీ అదే పరిమితి.

శ్వాసనాళాలు ఇరుకైన మనిషిలో జరిగేది రెండోదే. ఊపిరి వదిలేటప్పుడు చిన్న నాళాలు ముందుగానే మూసుకుపోతాయి. వాటి వెనకున్న గాలి లోపలే బందీ అయిపోతుంది. ఆర్‌వీ పెరుగుతుంది, ఆ మేరకు ఎఫ్‌వీసీ తగ్గుతుంది. మొత్తం ఊపిరితిత్తి సామర్థ్యం, అంటే టీఎల్‌సీ, మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. రిస్ట్రిక్షన్ అనే మాట వాడాలంటే టీఎల్‌సీ తగ్గి తీరాలి. అది కొలవకుండా ఆ మాట రాయడం సరికాదు. 1999లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనంలో, స్పైరోమెట్రీ రిస్ట్రిక్టివ్ తరహాలో ఉన్నవారిలో టీఎల్‌సీ కొలిచి చూస్తే, నిజంగా తగ్గినవారు అరవై శాతం లోపే ఉన్నారు. ఎఫ్‌వీసీ మామూలుగా ఉన్నవారిలో మాత్రం టీఎల్‌సీ తగ్గడం చాలా అరుదు. కనుక ఎఫ్‌వీసీ బాగుంటే రిస్ట్రిక్షన్ దాదాపు లేదని ధైర్యంగా చెప్పవచ్చు. బాగా లేకపోతే ఉందని మాత్రం చెప్పలేం.

ఆయన్ను టీఎల్‌సీ పరీక్ష కోసం చెన్నై పంపాను. గాజు గదిలో కూర్చోబెట్టి చేసే బాడీ ప్లెథిస్మోగ్రఫీయే కావాలని చీటీలో ప్రత్యేకంగా రాశాను. హీలియం వాయువును పీల్పించి, అది ఎంత పలచబడిందో చూసి లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది. కానీ హీలియం మూసుకుపోయిన నాళాల వెనక్కి సరిగా చేరదు. ఈయనలాంటి మనిషిలో బందీ అయిన గాలి లెక్కలోకి రాక టీఎల్‌సీ తక్కువగా తేలుతుంది. అప్పుడు మళ్లీ అదే తప్పుడు రిస్ట్రిక్షన్ మన చేతికి వస్తుంది. గాజు గదిలోనైతే, మూసి ఉంచిన గొట్టంలోకి మనిషి తేలిగ్గా రొప్పుతున్నప్పుడు ఛాతీలోని గాలి నొక్కుకుని, విచ్చుకుంటుంది. గదిలోని పీడనం దానికి తగ్గట్టు మారుతుంది. బాయిల్ సూత్రంతో ఛాతీలో ఉన్న గాలి మొత్తాన్ని లెక్కగట్టవచ్చు, అది బయటికి రాగలిగేదైనా, లోపల చిక్కుకున్నదైనా.

ఆయన ఊపిరిని భాగాలుగా విడదీస్తే

ఆ రిపోర్టు వచ్చాక ఆయనకూ, ఆయన భార్యకూ ఒక కాగితం మీద నిలువు పెట్టె గీసి చూపించాను. పుస్తకంలో బట్టీపట్టే నాలుగు పరిమాణాలు, నాలుగు సామర్థ్యాలు ఒక మనిషి ఆయాసంలో ఎలా పలుకుతాయో ఇందులో కనిపిస్తుంది.

పెట్టె మొత్తం ఎత్తు టీఎల్‌సీ, 6.05 లీటర్లు. ఉండాల్సింది 5.30. అంటే ఊపిరితిత్తి ముడుచుకుపోలేదు సరికదా, 114 శాతానికి ఉబ్బింది. పెట్టె అడుగున ఎన్నటికీ బయటికి రాని ఆర్‌వీ 3.25 లీటర్లు, ఉండాల్సిన 1.90కి బదులు. మొత్తంలో అది మూడో వంతు చిల్లర ఉండాల్సింది, సగం దాటిపోయింది. మిగిలిన 2.80 లీటర్లే ఆయన కదిలించగలిగిన గాలి, అంటే వైటల్ కెపాసిటీ. ఇది తొందర లేకుండా నెమ్మదిగా వదిలినప్పుడు కొలిచినది. బలంగా ఊదినప్పుడు వచ్చింది 2.48 మాత్రమే. నెమ్మదిగా వదిలితే ఎక్కువ, బలంగా ఊదితే తక్కువ రావడం కూడా నాళాలు ఒత్తిడికి మూసుకుపోతున్నాయనడానికి ఒక గుర్తు. మామూలు మనిషిలో ఈ రెండింటికీ తేడా స్వల్పం.

ఆయన ఊపిరి మామూలుగా వదిలి ఆగినప్పుడు లోపల మిగిలే గాలి, అంటే ఎఫ్‌ఆర్‌సీ, 4.10 లీటర్లు. ఆర్‌వీ 3.25 పోగా, అక్కడి నుంచి బలంగా ఊదితే ఇంకా బయటికి వచ్చేది 0.85. అదే ఎక్స్‌పిరేటరీ రిజర్వు. ఇక ఎఫ్‌ఆర్‌సీ మీద నుంచి పూర్తిగా పీల్చుకోవడానికి మిగిలిన జాగా 1.95 లీటర్లు. దీన్ని ఇన్‌స్పిరేటరీ కెపాసిటీ అంటారు. అందులో ప్రతి మామూలు శ్వాసకూ సుమారు 0.55 లీటర్లు టైడల్ వాల్యూమ్‌గా పోతే, ఇన్‌స్పిరేటరీ రిజర్వుగా మిగిలేది 1.40.

నా దృష్టిలో ఈ రిపోర్టులో కీలకమైన అంకె ఈ 1.95. ఆయన బస్టాండు దాకా నడవలేకపోవడానికి కారణం అక్కడుంది. నడిచేటప్పుడు శ్వాస వేగం పెరుగుతుంది, వదలడానికి దొరికే సమయం తగ్గుతుంది. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త శ్వాస మొదలవుతుంది. ప్రతి శ్వాసకూ కొంత గాలి అడుగున చేరుతూ ఎఫ్‌ఆర్‌సీ ఇంకా పైకి జరుగుతుంది, పీల్చుకోవడానికి ఉన్న ఆ కొద్ది జాగా కూడా తరిగిపోతుంది. "గాలి లోపలికి వెళ్లడం లేదు సార్, పైపైనే ఆగిపోతోంది" అని ఆయన చెప్పినది అక్షరాలా నిజం. లోపల ఖాళీ లేదు. గాలి తక్కువై కాదు, ఎక్కువై ఆయాసం వస్తోంది.

కార్బన్ మోనాక్సైడ్‌తో చేసే వాయు మార్పిడి పరీక్ష ఉండాల్సిన దానిలో 58 శాతం వచ్చింది. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల పైభాగాల్లో ఎంఫిసీమా, అంటే గాలిగదుల గోడలు చెడిపోవడం, దానితో పాటు చిన్న సిలికా నాడ్యూల్స్ కనిపించాయి. ఊపిరితిత్తి గట్టిపడి పెద్ద గడ్డలుగా కలిసిపోయిన ఫైబ్రోసిస్ గానీ, తేనెపట్టు మార్పులు గానీ లేవు. సిలికా పీల్చినవారికి క్షయ ముప్పు ఎక్కువ కాబట్టి కఫాన్ని సీబీనాట్‌కు పంపాం. క్షయ లేదని వచ్చింది. మొత్తం మీద నిర్ధారణ: సీఓపీడీ, దానితో పాటు తొలి దశ సిలికోసిస్. రిస్ట్రిక్షన్ లేదు.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. ఎంఫిసీమా టీఎల్‌సీని పెంచుతుంది, ఫైబ్రోసిస్ తగ్గిస్తుంది. రెండూ గట్టిగా ఉన్న మనిషిలో ఒకదాన్ని ఒకటి కొట్టేసి టీఎల్‌సీ మామూలుగా కనిపించవచ్చు. అప్పుడు వాయు మార్పిడి మాత్రం అంకెలతో పొంతన లేనంతగా పడిపోతుంది. ఈయన టీఎల్‌సీ 114 శాతం, సీటీలో విస్తారమైన ఫైబ్రోసిస్ లేదు కాబట్టి ఆ అనుమానానికి తావు లేదు. టీఎల్‌సీ ఒక్కటీ ఉంటే చాలని, సీటీ అక్కర్లేదని మాత్రం అనుకోకూడదు.

అదే ఎఫ్‌వీసీ, వేరే జబ్బు

ఈయన తెచ్చిన మొదటి రిపోర్టు పక్కన పెట్టి చూడదగ్గ రిపోర్టు మరొకటి ఉంది. కనిగిరి వైపు గ్రామానికి చెందిన అరవై దాటిన వ్యక్తిది. ఆ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ సంగతి మన జిల్లాలో అందరికీ తెలిసిందే. ఆయనకు వెన్ను బిగుసుకుపోయి వంగింది, మెడ తిరగదు, గుండెల నిండా ఊపిరి పీల్చినా ఛాతీ చుట్టుకొలత ఒక సెంటీమీటరు కూడా పెరగదు. పక్కటెముకలు వెన్నుపూసతో కలిసే కీళ్లు గట్టిపడ్డాయి.

ఆయన ఎఫ్‌వీసీ కూడా సరిగ్గా 1.90 లీటర్లు. నిష్పత్తి 86 శాతం. ఆయన కూడా మూడు సెకన్లలోనే ఊదడం ముగించారు. కానీ ఈ గీత మూడో సెకనుకు ముందే చదునై, అలాగే సాగింది. వంపు సున్నాను మెల్లగా తాకింది. ఇది మధ్యలో ఆపేయడం కాదు, నిజంగానే గాలి అయిపోవడం. కుంచించుకున్న ఊపిరితిత్తి త్వరగా ఖాళీ అవుతుంది. అందుకే, పాత ప్రమాణం అడిగే ఆరు సెకన్లు ఊదలేదన్న ఒక్క కారణంతో రిపోర్టును కొట్టేయడం కూడా తప్పే. సెకన్ల లెక్క కంటే చదును భాగం ముఖ్యం. ఆయన టీఎల్‌సీ 3.50 లీటర్లు, ఉండాల్సిన దానిలో డెబ్బై శాతం. ఇది అసలైన రిస్ట్రిక్షన్. లోపం ఊపిరితిత్తి కణజాలంలో కాదు, దాని చుట్టూ ఉన్న బోనులో ఉంది. ఆర్‌వీ 1.60, అంటే పెద్దగా తగ్గలేదు. ఊపిరితిత్తి కణజాలమే గట్టిపడే జబ్బుల్లో సాధారణంగా ఆర్‌వీ కూడా తగ్గుతుంది.

ఇలాంటి మనిషి విషయంలో ఎత్తు దగ్గర జాగ్రత్త పడాలి. ఉండాల్సిన విలువలన్నీ ఎత్తును బట్టే లెక్కకు వస్తాయి. నిలబెట్టి కొలిస్తే ఆయన 152 సెంటీమీటర్లు, చేతులు బార చాపి వేలి కొసల మధ్య కొలిస్తే 163. వంగిన ఎత్తును యంత్రంలో నింపితే, ఆయనకు ఉండాల్సిన గాలిని యంత్రం తక్కువగా లెక్కిస్తుంది. ఉన్న లోపం చిన్నదిగా కనిపిస్తుంది. వెన్ను వంగినవారికి బారనే ఎత్తుకు ఆధారంగా తీసుకోవాలి.

వైద్యం, ఆ తర్వాత

పలకల కార్మికుడికి స్టెరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా కాకుండా మోతాదు తగ్గిస్తూ మాన్పించాం. రెండు నెలలు వాడిన శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తిరిగి అందుకోవడానికి వ్యవధి కావాలి. ఆ మాత్రల వల్ల పెరిగిన చక్కెర తర్వాత దానంతటదే దిగింది. శ్వాసనాళాలను దీర్ఘకాలం తెరిచి ఉంచే రెండు మందులు కలిసిన ఇన్‌హేలర్ మొదలుపెట్టి, ఎలా పీల్చాలో ఆయన చేతే చేయించి చూశాం. బీడీలు మానేశారు. ధూళి పని వదిలేయడం అంతకంటే కష్టమైంది. ఇంట్లో ఆ ఆదాయమే ఆధారం. చివరికి యజమానితో మాట్లాడుకుని కోత దగ్గర నుంచి లెక్కలు, సరుకు ఎగుమతి చూసే పనికి మారారు. పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పించాం. లోపల కాస్త పీడనం నిలిచి నాళాలు త్వరగా మూసుకుపోకుండా ఉంటాయి, బందీ అయ్యే గాలి తగ్గుతుంది. నడుస్తూ ఆయాసం మొదలైనప్పుడు కంగారుగా పీల్చకూడదనీ, ముందు వదలాలనీ ఆయన భార్యకూ చెప్పాం. దారిలో ఆయనకు గుర్తుచేసేది ఆమే కదా.

మూడు నెలల తర్వాత స్పైరోమెట్రీ చేస్తే ఎఫ్‌ఈవీ1 1.40 నుంచి 1.50కి మాత్రమే పెరిగింది. ఎంఫిసీమాలో దెబ్బతిన్న కణజాలం తిరిగి రాదు కాబట్టి అంతకు మించి ఆశించలేదు. ఆ ఒక్క అంకె చూస్తే మందు పనిచేయలేదని అనుకుంటాం. కానీ ఇన్‌స్పిరేటరీ కెపాసిటీ 1.95 నుంచి 2.25 లీటర్లకు పెరిగింది. ఈ కొలతకు గాజు గది అక్కర్లేదు. మామూలుగా నాలుగైదు శ్వాసలు తీసుకుని, వదలడం ముగిసిన చోటు నుంచి నిండా పీల్చమంటే మా గదిలోని స్పైరోమీటరే చెబుతుంది. ఆర్‌వీని కొలవలేని పరికరమే, బందీ అయిన గాలి తగ్గిందని ఈ దారిలో పరోక్షంగా చెప్పగలదు. ఇప్పుడు ఆయన బస్టాండు దాకా ఒకసారి ఆగి వెళ్తున్నారు.

ఇక మీద ఏటా ఒక ఎక్స్‌రే, స్పైరోమెట్రీ చేయించమని చెప్పాను. ధూళికి దూరమైనా లోపల ఉన్న సిలికా నాడ్యూల్స్‌ను పెంచుతూనే ఉండవచ్చు. అవి కలిసి గడ్డ కడితే టీఎల్‌సీ నిజంగానే తగ్గడం మొదలవుతుంది. వచ్చే ఏళ్లలో నిష్పత్తి మారకుండా, గీత చదునయ్యేదాకా ఊదినా ఎఫ్‌వీసీ పడిపోతూ ఉంటే, లేదా ఆక్సిజన్ తగ్గితే, ఆయన్ను మళ్లీ చెన్నై గాజు గదికి పంపుతాను. ఆయన ఫైలు మొదటి పేజీలో ఎఫ్‌వీసీ పక్కన టీఎల్‌సీ 6.05 అని, కొలిచిన పద్ధతితో సహా రాసి ఉంచాం. ముందుముందు ఎవరు చూసినా దానితోనే పోల్చుకోవాలి.